80,000 కుర్చీల్లో 25,000 మిగలాలి: ఒక ఒలింపిక్ స్టేడియం కథ

(హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, క్రీడాభిమానులు హాజరైన సభలో ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, కూర్చోండి. ఈ రోజు మన విషయం కూడా కుర్చీలే. కుర్చీ ఎక్కడుంది, అందులో కూర్చున్న మనిషికి ఏం కనిపిస్తుంది, ఆ కుర్చీకి డబ్బు ఎవరిచ్చారు, పోటీలు అయిపోయాక అందులో ఎవరు కూర్చుంటారు. ఈ నాలుగు ప్రశ్నలే.

కొన్నేళ్ల కిందట లండన్‌లో ఉన్న మా మేనల్లుడు నన్ను ఫుట్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్లాడు. తూర్పు లండన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ అనే చోట ఉన్న లండన్ స్టేడియం. 2012 ఒలింపిక్స్‌కు ప్రధాన స్టేడియం అదే. మాకు గోల్‌పోస్టు వెనక వైపు పై అంతస్తులో సీట్లు దొరికాయి. కూర్చున్నాను. నా కింద గ్యాలరీ. ఆ కింది గ్యాలరీకీ, నేనున్న పై గ్యాలరీకీ మధ్య పెద్ద ఖాళీ. ఆ ఖాళీని గుడ్డ కప్పి మూసేశారు. మైదానం చుట్టూ కూడా ఏదో తివాచీ పరిచి ఉంది. ఆట మొదలైంది. అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో నాకు సరిగా తెలియలేదు. మా మేనల్లుడు అన్నాడు, "మామయ్యా, ఇక్కడ అందరూ చెప్పే మాట ఇదే, ఆట మరీ దూరంగా ఉంటుంది" అని.

నేను నలభై ఏళ్లు కట్టడాల లెక్కలు వేసినవాణ్ణి. ఆ గుడ్డ కింద ఏముందో చూడాలనిపించింది. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఆ గుడ్డ కింద ఉన్న ఖాళీకి కారణం 2004లో సమర్పించిన ఒక దస్తావేజులో ఉంది. స్టేడియానికి మొదటి పార పడటానికి నాలుగేళ్ల ముందు. ఈ రోజు మీకు చెప్పబోయేది ఆ దస్తావేజు సంగతి.

ముందు, ఒక నగరం ఒలింపిక్స్ ఎలా అడుగుతుందో చూద్దాం. ఇప్పుడు పద్ధతి మారింది, దాని గురించి చివర్లో చెబుతాను. 2012 క్రీడలకు జరిగింది పాత పద్ధతి. 2003లో తొమ్మిది నగరాలు దరఖాస్తు పెట్టుకున్నాయి. దరఖాస్తు రుసుమే లక్షన్నర డాలర్లు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వాటిని వడబోసి 2004 మేలో ఐదింటిని మిగిల్చింది: లండన్, పారిస్, మాడ్రిడ్, న్యూయార్క్, మాస్కో. ఈ దశకు చేరిన నగరం ఇంకో ఐదు లక్షల డాలర్లు కట్టాలి. ఆ తర్వాత అసలు పుస్తకం రాయాలి. బిడ్ పుస్తకం అంటారు. వేదికలు, రవాణా, భద్రత, వసతి, వాతావరణం, డబ్బు, ఇలా పదిహేడు అధ్యాయాలు. 2004 నవంబరులో ఐదు నగరాలూ తమ తమ పుస్తకాలు సమర్పించాయి.

ఆ పుస్తకంలో అందరూ చూసేవి రంగు బొమ్మలు. నిజంగా చూడాల్సినవి హామీ పత్రాలు. ప్రభుత్వం సంతకం చేసి ఇచ్చే హామీలు అవి. ఖర్చు పెరిగితే, లోటు వస్తే, మేం భరిస్తాం అని. నిర్వాహక సంఘం అనేది ఏడేళ్లు బతికి, పోటీలు కాగానే మూతబడే సంస్థ. దానికి లోటు వస్తే ఎవరు కడతారు? సంతకం పెట్టిన ప్రభుత్వమే కట్టాలి. అంటే ఎవరు? పన్ను కట్టేవాళ్లు. ఈ సంతకం ఎప్పుడు జరుగుతుందో గమనించండి. స్టేడియం డిజైన్ పూర్తి కాకముందు. నేల కింద ఏముందో మట్టి పరీక్షలు పూర్తిగా చేయకముందు. మనలో ఎవరమైనా ఇల్లు కట్టుకుంటే ప్లాను గీయకముందే, ఎంతయినా సరే ఇస్తాను అని మేస్త్రీకి రాసిస్తామా? బిడ్‌లో ప్రతి నగరమూ చేసేది సరిగ్గా అదే.

తర్వాత మూల్యాంకన బృందం వచ్చి నాలుగు రోజులు చూసి వెళుతుంది. ఓటు వేసే సభ్యులు మాత్రం నగరానికి రాకూడదు. సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్ కోసం సభ్యులకు కానుకలు ముట్టాయని 1998లో బయటపడ్డాక పెట్టిన నిబంధన అది. కాబట్టి ఓటు వేసేవాళ్లలో చాలామంది ఆ స్థలం చూడరు. వాళ్ల ముందుండేవి బృందం నివేదిక, బిడ్ పుస్తకం, చివరి రోజు వేదిక మీద చేసే ప్రదర్శన. వీటితోపాటు ముఖాముఖి మంతనాలు. లండన్ కోసం ప్రధాని టోనీ బ్లెయిర్ సింగపూర్‌కు స్వయంగా వెళ్లి సభ్యులను ఒక్కొక్కరినీ కలిశారు.

2005 జులై 6, సింగపూర్. రహస్య ఓటింగు. ఒక్కో రౌండులో తక్కువ ఓట్లు వచ్చిన నగరం తప్పుకుంటుంది. మొదటి రౌండులో లండన్‌కు 22, పారిస్‌కు 21, మాడ్రిడ్‌కు 20, న్యూయార్క్‌కు 19, మాస్కోకు 15. చూశారా ఎంత దగ్గరగా ఉన్నాయో! ఆఖరి రౌండులో లండన్ 54, పారిస్ 50. నాలుగు ఓట్ల తేడా. అంటే ఇద్దరు మనసు మార్చుకుంటే సమానం. ఇంత సన్నని తేడాతో గెలవాల్సిన పోటీలో నగరం ఏం చేస్తుంది? ఏ ఓటరునూ వదులుకోదు. ఎవరికి ఏం కావాలో అది పుస్తకంలో రాస్తుంది.

లండన్ ఏం రాసింది? 80,000 మంది పట్టే స్టేడియం కడతాం, పోటీలు అయ్యాక పై భాగం విప్పేసి 25,000 మందికి తగ్గిస్తాం, అది అథ్లెటిక్స్‌కే ఉంటుంది, పరుగుల ట్రాక్ అక్కడే ఉంటుంది అని రాసింది.

ఎందుకలా రాయాల్సి వచ్చింది? ఇది చాలామందికి తెలియదు, అందుకే కొంచెం ఆగి చెబుతాను. 2005 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలను నిజానికి లండన్‌కే ఇచ్చారు. ఉత్తర లండన్‌లో పికెట్స్ లాక్ అనే చోట స్టేడియం కడతామని చెప్పి తెచ్చుకున్నారు. 2001లో ఖర్చు చూసి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పోటీలు హెల్సింకీకి వెళ్లిపోయాయి. ప్రపంచ అథ్లెటిక్స్ పెద్దల ముందు బ్రిటన్ మాట పోయింది. మూడేళ్లు తిరక్కుండా అదే బ్రిటన్ ఒలింపిక్స్ అడగడానికి వెళ్లింది. బిడ్‌కు నాయకత్వం వహించింది ఎవరు? సెబాస్టియన్ కో, 1500 మీటర్ల పరుగులో రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు. ఆయన ట్రాక్ ఉంటుందని మాట ఇచ్చాడు, ఆ మాట తప్పకూడదనుకున్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవమే ఉంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ ఆ మాటకు ఎంత ఖరీదు పడుతుందో ఆ రోజు ఎవరూ లెక్క కట్టలేదు.

ఇప్పుడు ఆ లెక్క మనం వేద్దాం. విద్యార్థులు కాగితం తీయండి. 400 మీటర్ల ట్రాక్ అంటే రెండు అర్ధవృత్తాలు, రెండు సరళరేఖలు. అర్ధవృత్తం వ్యాసార్థం 36.5 మీటర్లు, సరళరేఖ 84.39 మీటర్లు. పరిగెత్తే ఎనిమిది లేన్ల వెడల్పు రెండు వైపులా కలుపుకుంటే మొత్తం ట్రాక్ పొడవు దాదాపు 177 మీటర్లు, వెడల్పు దాదాపు 92 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. తీసివేయండి. పక్కల్లో ఒక్కో వైపు 12 మీటర్లు మిగిలాయి. గోల్ వెనక? 36 మీటర్లు. మొదటి వరుసలో కూర్చున్నవాడికే గోల్‌పోస్టు 36 మీటర్ల దూరం. దాని వెనక భద్రత కోసం వదిలే జాగా అదనం.

సరే, కుర్చీలను ముందుకు జరిపితే సరిపోదా అంటారు. సినిమా హాలు గుర్తు తెచ్చుకోండి. ముందు కూర్చున్నవాడి తల మీదుగా మీకు తెర కనబడాలంటే మీ వరుస కొంచెం ఎత్తులో ఉండాలి. ఎంత ఎత్తు అన్నది మీరు చూడాల్సిన చోటు ఎంత దగ్గరగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. చూడాల్సింది దూరంగా ఉంటే వాలు తక్కువైనా సరిపోతుంది. దగ్గరగా ఉంటే గ్యాలరీ నిటారుగా లేవాలి. ట్రాక్ కోసం కట్టిన గ్యాలరీ పరుచుకున్నట్టు ఉంటుంది, ఫుట్‌బాల్ కోసం కట్టింది గోడలా లేస్తుంది. ఒకదాన్ని జరిపి ఇంకోటి చేయలేం. కింది వరుసలను ముందుకు లాగితే, పై వరుసలు ఉన్నచోటే ఉండిపోతాయి, మధ్యలో ఖాళీ మిగులుతుంది. నేను చూసిన గుడ్డ ఆ ఖాళీ మీద కప్పినదే.

ఇక కట్టడం దగ్గరికి వద్దాం. ఇంజనీరుగా చెబుతున్నాను, 2012 స్టేడియం ఎంతో తెలివైన కట్టడం. 25,000 సీట్ల కింది భాగం నేలలోకి దించి శాశ్వతంగా కట్టారు. దాని మీద 55,000 సీట్ల పై భాగాన్ని ఉక్కుతో, బోల్టులతో, విప్పుకోవడానికి వీలుగా బిగించారు. పైకప్పు చాలా తేలిక, ప్రేక్షకుల్లో మూడింట రెండు వంతుల మందినే కప్పుతుంది. ఆ పైకప్పు చుట్టూ ఉండే ఉక్కు వలయానికి వాడింది ఏమిటో తెలుసా? గ్యాస్ పైపులైన్ల కోసం తయారై, వాడకుండా మిగిలిపోయిన గొట్టాలు. తిండి దుకాణాలు స్టేడియం లోపల కట్టలేదు, బయట వేదిక మీద గుడారాల్లా పెట్టారు. ఎందుకు? పదిహేను రోజుల తర్వాత తీసేసేదానికి లోపల గదులెందుకు అని. ప్రతి నిర్ణయమూ ఆ పుస్తకంలో రాసిన మాట ప్రకారమే. విప్పేస్తాం అన్నారు, విప్పడానికి అనువుగా కట్టారు. ఖర్చు దాదాపు 42.9 కోట్ల పౌండ్లు.

స్టేడియం ఒక్కటే కాదు, మొత్తం క్రీడల ఖర్చూ అప్పటికి మారిపోయింది. బిడ్ సమయంలో ప్రజాధనం నుంచి దాదాపు 240 కోట్ల పౌండ్లు చాలన్నారు. గెలిచిన రెండేళ్లు కాకముందే, 2007 మార్చిలో, ఆ అంకె 932 కోట్లయింది. మోసమా? అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. బిడ్ లెక్కలో పన్నులు కలపలేదు, అనుకోని ఖర్చులకు తగినంత సొమ్ము పక్కన పెట్టలేదు, ప్రైవేటు పెట్టుబడి వస్తుందని ఎక్కువగా ఆశపడ్డారు, భద్రత ఖర్చు తక్కువ వేశారు. గెలిచే వరకూ ఏ నగరానికీ లెక్క పెద్దదిగా చూపించే ఉద్దేశం ఉండదు. మీరు ఎప్పుడైనా ఒక బిడ్ అంచనా చూస్తే మొదట వెతకాల్సింది ఈ రెండే: పన్నులు కలిపారా, అనుకోని ఖర్చులకు ఎంత పెట్టారు.

పోటీలు బ్రహ్మాండంగా జరిగాయి. ఇక మాట ప్రకారం విప్పాలి కదా. విప్పారా? లేదు. ఎందుకంటే 25,000 మందితో అథ్లెటిక్స్ పోటీలు ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తాయి? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా రోజులు కరెంటు బిల్లు, కాపలా, గడ్డి, మరమ్మతులు ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్న 2006లోనే వచ్చింది. పక్కనే ఉన్న వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్‌తో అప్పుడే మాట్లాడారు. కుదరలేదు. ఒకటి గడువు ముంచుకొస్తోంది, రెండోది ట్రాక్. ట్రాక్ ఉంటే ఫుట్‌బాల్ క్లబ్‌కు ఇబ్బంది, ట్రాక్ తీసేస్తే మాట తప్పినట్టు. కాబట్టి అద్దెదారు ఎవరో తెలియకుండానే 2008లో పని మొదలుపెట్టారు.

తర్వాత జరిగింది వినండి. 2011 ఫిబ్రవరిలో ఇద్దరు పోటీపడ్డారు. టాటెన్‌హామ్ క్లబ్, మేం చాలావరకు పడగొట్టి ఫుట్‌బాల్‌కు సరిపోయేలా కొత్తగా కట్టుకుంటాం, అథ్లెటిక్స్ కోసం దక్షిణ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ స్టేడియం బాగుచేయిస్తాం అంది. వెస్ట్‌హామ్, మేం ట్రాక్ ఉంచుతాం అంది. వెస్ట్‌హామ్‌ను ఎంచుకున్నారు. టాటెన్‌హామ్ కోర్టుకెక్కింది. పక్కనే ఉన్న చిన్న క్లబ్ లేటన్ ఓరియెంట్ కూడా కోర్టుకెక్కింది. యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో ఆ ఒప్పందాన్నే రద్దు చేశారు. స్టేడియం ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంటుంది, అద్దెకిస్తాం అని మళ్లీ మొదలుపెట్టారు. 2013 మార్చిలో వెస్ట్‌హామ్‌కే 99 ఏళ్ల లీజు ఇచ్చారు.

బేరం ఎవరి చేతిలో ఉందో ఆలోచించండి. ఒక వైపు ఖాళీ స్టేడియం, దాన్ని చూసుకోవాల్సిన ప్రభుత్వ సంస్థ, రోజూ పత్రికల్లో "తెల్ల ఏనుగు" అనే మాట. ఇంకో వైపు సొంత మైదానం ఉన్న క్లబ్. దానికి తొందరేముంది? క్లబ్ మార్పుల ఖర్చుకు కోటిన్నర పౌండ్లు ఇచ్చింది, అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్లు. ఆ అద్దెలోనే కాపలా సిబ్బంది, మైదానం నిర్వహణ, చివరికి గోల్‌పోస్టులు, మూలల్లో పాతే జెండాలు కూడా యజమాని లెక్కలోకే వచ్చాయి. ఈ వివరాలు జనానికి ఎలా తెలిశాయి? అక్కడి సమాచార హక్కు చట్టం కింద వివిధ క్లబ్‌ల అభిమానులు కలిసి పట్టుబట్టారు. 2016 ఏప్రిల్‌లో లీజు పత్రం బయటపెట్టక తప్పలేదు. మనకూ ఆ చట్టం ఉంది. దరఖాస్తు రాసేటప్పుడు "స్టేడియం లీజు పత్రం నకలు" అని స్పష్టంగా అడగండి, ఎంత ఖర్చయింది అని మాత్రమే అడిగితే ఒక అంకె ఇచ్చి పంపించేస్తారు.

ఇక మార్పుల పని. విప్పడానికి కట్టినదాన్ని విప్పకుండా శాశ్వతం చేయాలి. చలికాలం వానలో కూర్చునే ఫుట్‌బాల్ ప్రేక్షకులందరినీ కప్పే పైకప్పు కావాలి. పాత పైకప్పు తేలిక, దాని కింది ఉక్కు ఆ తేలిక బరువుకే లెక్కగట్టినది. కొత్త పైకప్పు పెట్టాలంటే కింది నుంచి బలపరచుకుంటూ రావాలి. పద్నాలుగు ఫ్లడ్‌లైట్ స్తంభాలు దించేసి, దీపాలను కొత్త పైకప్పు కింద వేలాడదీశారు. లోపల లేని గదులు, దుకాణాలు కట్టారు. కింది సీట్లను ఫుట్‌బాల్‌కు ముందుకు, వేసవిలో అథ్లెటిక్స్‌కు వెనక్కి జరిగేలా చేశారు. ఆ పని మొత్తానికి 32.3 కోట్ల పౌండ్లు అయింది. కట్టడానికి 42.9, మార్చడానికి 32.3. ఒక్క స్టేడియానికి 75 కోట్ల పౌండ్లు దాటింది.

ఆ జరిగే సీట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. జరిగే సీట్లు అంటే మనకు మీట నొక్కితే జరిగేవి గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. ఉక్కు చట్రాలు విడదీసి, జరిపి, మళ్లీ బిగించాలి. రోజుల తరబడి పని. ఏడాదికి మూడు లక్షల పౌండ్లు చాలని మొదట అనుకున్నారు. తీరా చూస్తే 80 లక్షల దాకా వెళ్లింది. అద్దె ఎంత? 25 లక్షలు. అద్దెకు మూడింతలు సీట్లు జరపడానికే! లండన్ మేయర్ సాదిక్ ఖాన్ వేయించిన విచారణ నివేదిక 2017 చివర్లో వచ్చింది. స్టేడియం ఏటా దాదాపు రెండు కోట్ల పౌండ్ల నష్టంలో నడుస్తోందని తేల్చింది. ఎనభై లక్షలు ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ట్రాక్ కోసం. ట్రాక్ ఎందుకు ఉంది? పుస్తకంలో రాశారు కాబట్టి.

మరి ఇంకోలా జరిగి ఉండేదా? జరిగింది, అదే దేశంలో, పదేళ్ల ముందే జరిగింది. మాంచెస్టర్. ఆ నగరం 1996, 2000 ఒలింపిక్స్ అడిగి రెండుసార్లూ ఓడిపోయింది. తర్వాత 2002 కామన్వెల్త్ క్రీడలు దక్కాయి. స్టేడియం పునాది పడకముందే మాంచెస్టర్ సిటీ క్లబ్‌తో మాట ఖాయం చేసుకున్నారు. క్రీడలు కాగానే మీరు వచ్చేయండి అని. అద్దెదారు పేరు తెలిసింది కాబట్టి ఇంజనీర్లు స్టేడియాన్ని రెండు జీవితాలకు గీశారు. ఎలాగో చూడండి. గ్యాలరీలను ఫుట్‌బాల్‌కు కావలసిన చోటే, కావలసిన వాలుతోనే కట్టారు. క్రీడల సమయంలో వాటి ముందు ట్రాక్. క్రీడలు అయ్యాక ట్రాక్ ఎత్తేసి, నేలను కొన్ని మీటర్ల లోతుకు తవ్వి, మైదానాన్ని కిందికి దించారు. అలా దొరికిన చోటులో ఇంకో అంతస్తు కుర్చీలు వేశారు. మైదానం దగ్గరికి కుర్చీలు తేవడానికి బదులు మైదానాన్నే దించారు! దాదాపు 38,000 సీట్ల స్టేడియం 48,000కు పెరిగింది. పోటీల తర్వాత స్టేడియం తగ్గకుండా పెరగడం ఎక్కడైనా విన్నారా? 2003 ఆగస్టులో క్లబ్ వచ్చి చేరింది. అద్దె ఎలా కట్టారంటే, పాత మైదానంలో పట్టేవాళ్ల కంటే ఎంతమంది ఎక్కువగా వస్తే ఆ టికెట్ల రాబడిలో నగరపాలక సంస్థకు వాటా. గ్యాలరీ నిండితే నగరానికి ఆదాయం. లండన్ లీజుతో పోల్చి చూడండి.

తేడా ఎక్కడుంది? ఇంజనీరింగులో కాదు. లండన్ ఇంజనీర్లు తక్కువవాళ్లు కాదు, చెప్పింది చెప్పినట్టు కట్టారు. చెప్పిన మాటలోనే అద్దెదారు లేడు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం, ఎక్కువసేపు తీసుకోను. 2003లో మన హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం మీలో చాలామంది చూసే ఉంటారు. హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లకు వెళ్లినవాళ్లు చేయెత్తండి. బాగానే ఉన్నారు. గోల్ వెనక కూర్చున్నవాళ్లకు మధ్యలో ఏముంది? అదే ట్రాక్. అదే 36 మీటర్లు. ఆ ప్రాంగణంలోనే క్రీడాకారుల కోసం కట్టిన ఎత్తయిన భవనాన్ని 2020లో కొవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆ కష్టకాలంలో అది ఎంతోమందిని ఆదుకుంది, కాదనను. కానీ క్రీడాకారుల కోసం కట్టినదాంట్లో క్రీడాకారులు ఎన్నాళ్లున్నారు అన్నది అడగాల్సిన ప్రశ్నే.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ మీద ఆసక్తి ఉందని మన దేశం 2024 అక్టోబరులో అధికారికంగా లేఖ ఇచ్చింది. ఇక్కడే పద్ధతి మారిందన్నానే, అది చెప్పాలి. పాత పోటీకి నగరాలు భయపడి పారిపోవడం మొదలుపెట్టాయి. 2024 క్రీడల కోసం ముందుకొచ్చిన బోస్టన్ తప్పుకుంది, హాంబర్గ్ ప్రజలు ఓటు వేసి వద్దన్నారు, రోమ్, బుడాపెస్ట్ వెనక్కి తగ్గాయి. అందుకే 2019 నుంచి బహిరంగ పోటీ బదులు, ఆసక్తి ఉన్న నగరాలతో కమిటీ ముందుగా సంప్రదింపులు జరిపి, ఒకరిని ఎంచుకుని, సభ్యుల ముందు అవును, కాదు అని ఓటుకు పెడుతుంది. ఉన్న స్టేడియాలనే వాడుకోండి అని కూడా చెబుతున్నారు. 2021లో బ్రిస్బేన్‌కు 2032 క్రీడలు అలాగే ఇచ్చారు, 72 ఓట్లు అనుకూలం, 5 వ్యతిరేకం. ఇది మంచి మార్పే. అయితే బ్రిస్బేన్‌లో ఏమైంది? గాబా క్రికెట్ మైదానాన్ని తిరిగి కడతామన్నారు. ఖర్చు 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 270 కోట్లకు పెరిగింది. 2024లో ఆ ఆలోచన వదిలేశారు. 2025లో విక్టోరియా పార్కులో 63,000 మందికి కొత్త స్టేడియం అన్నారు. ఓటింగు పద్ధతి మారినా, స్టేడియం ప్రశ్న గెలిచిన తర్వాతే తేలుతోంది. అక్కడ ఒక ఊరట ఉంది. ఆ కొత్త స్టేడియానికి క్రికెట్, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అద్దెదారులుగా ముందే కనిపిస్తున్నాయి. ఆ రెండు ఆటలకూ మైదానం పెద్ద అండాకారం, దాని మధ్యలో ట్రాక్ పడుతుంది. కుర్చీలు జరపాల్సిన అవసరం తగ్గుతుంది. మన దేశానికి ఇది పనికొచ్చే మాట, క్రికెట్ మన దగ్గర అన్ని నగరాల్లోనూ ఉంది కాబట్టి. పాత్రికేయ మిత్రులు ఎవరైనా ఇక్కడుంటే, అహ్మదాబాద్ ప్రణాళికలు బయటికొచ్చినప్పుడు కంప్యూటర్ బొమ్మలు పక్కన పెట్టి ఒక్కటి అడగండి: ముగింపు వేడుక మర్నాటి నుంచి ఈ స్టేడియం కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది?

ఏదైనా అడగాలంటే అడగండి. ఆ, వెనక అమ్మాయి.

(ప్రశ్న: మాంచెస్టర్‌లో ట్రాక్ తీసేశారన్నారు కదా, మరి అక్కడి అథ్లెట్లు ఏమయ్యారు?)

మంచి ప్రశ్న వేశావమ్మా. నువ్వు పరిగెత్తుతావా? జిల్లా స్థాయిలోనా, చాలా సంతోషం. అయితే ఇది నీకు తెలిసే ఉంటుంది. పెద్ద పోటీల్లో ప్రధాన స్టేడియంలోకి వెళ్లేముందు క్రీడాకారులు ఒళ్లు వేడెక్కించుకోవడానికి పక్కనే ఇంకో ట్రాక్ ఉండాలి. వార్మప్ ట్రాక్. అది లేకుండా పోటీ పెట్టడానికే వీల్లేదు. మాంచెస్టర్‌లో క్రీడలు అయ్యాక ఆ వార్మప్ ట్రాక్ దగ్గరే కొన్ని వేల మంది పట్టే చిన్న గ్యాలరీలు ఉన్న అథ్లెటిక్స్ మైదానం నడుస్తోంది. పెద్ద స్టేడియం ఫుట్‌బాల్‌కు, చిన్నది అథ్లెట్లకు. లండన్‌లో కూడా వార్మప్ ట్రాక్ ఉన్నచోట, ఆ 75 కోట్ల స్టేడియానికి ఆనుకునే, మామూలు ట్రాక్ ఉంది. మా మేనల్లుడితో మ్యాచ్ చూసిన మర్నాడు సాయంత్రం అటుగా మళ్లీ వెళ్లాను. పెద్ద స్టేడియం గేట్లు మూసి ఉన్నాయి. చిన్న ట్రాక్ మీద దీపాలు వెలుగుతున్నాయి. ఒక శిక్షకుడు స్టాప్‌వాచ్ పట్టుకుని అరుస్తున్నాడు, పదీ పన్నెండేళ్ల పిల్లలు ఇరవైమంది దాకా మలుపు తిరిగి పరిగెత్తుకుంటూ వస్తున్నారు. చూడ్డానికి కంచె పక్కన వాళ్ల అమ్మానాన్నలు నిలబడి ఉన్నారు, నేనూ నిలబడ్డాను.